ఇరవై ఒకటో తేదీ గడి

హాజరు లెక్కలు చూసే హెప్సిబా చేసిన పనిని మళ్లీ సరిచూడక్కర్లేదని భద్రాచలంలోని ఆ నర్సింగ్ శిక్షణ కేంద్రంలో అందరికీ తెలుసు. అందరికంటే ఎక్కువగా ఆమెకే తెలుసు. ఆగస్టు హాజరు రోజుకొక చీటీ చొప్పున ఇరవై నాలుగు చీటీలుగా వచ్చింది. ఆమె ముప్ఫై మంది విద్యార్థినుల పేర్లు కిందికి, తేదీలు అడ్డంగా పెట్టి, చీటీలో ఉన్న ప్రతి పేరుకూ ఆ తేదీ కింద ‘ఏ’ కొట్టింది. మిగిలిన గళ్లన్నీ ‘పి’తో నింపింది. క్లాసులో హాజరు తీసే బెంజమిన్ సార్ చీటీ మీద రానివాళ్ల పేర్లే రాస్తాడు, ఏళ్లనాటి అలవాటు.

పరీక్ష రాయాలంటే పద్దెనిమిది రోజుల హాజరుండాలి. రూప్లికి పదిహేడే వచ్చాయి. ఆ మాట తెలిసి ఆ పిల్ల పరుగున వచ్చింది.

“అక్కా, జ్వరమొచ్చి మూడు రోజులే రాలే. ఏడెట్లయినయి?”

“అందరూ గట్లనే అంటరు. నా లెక్క తప్పదు, నువ్వే చూడు.”

హెప్సిబా రూప్లి వరుస మీద వేలు పెట్టి ఒక్కొక్క తేదీ చదివింది. “ఇగో, ఇరవై ఒకటి. నువ్వొక్కదానివే రాలే. మిగిలినోళ్లంతా వచ్చిండ్రు.”

“ఆ రోజు గోదారి రోడ్డెక్కింది గదక్కా! నా కిరాయి గది పక్కనే గాబట్టి క్లాసుల నేనొక్కదాన్నే ఉన్న. సువర్ణ మేడం నాకొక్కదానికే బీపీ చూసుడు నేర్పింది.”

హెప్సిబా ఇరవై ఒకటో తేదీ గళ్లను మళ్లీ చూసింది. ఆ రోజు ఆమె కూడా రాలేదు. బూర్గంపాడులో నీళ్లు చూస్తూ ఇంట్లోనే కూర్చుంది. ఇరవై తొమ్మిది మంది ఎట్లా వచ్చారు?

చీటీలు బయటికి తీసింది. బెంజమిన్ సార్ సెలవులో ఉన్న నాలుగు రోజులూ రాత వేరు. తొమ్మిది పేర్లు, అయిదు, ఒకటి, ఆరు. మామూలు రోజైతే పాతిక పేర్లుండేవి, అనుమానం వచ్చేది. వరద రోజులు కాబట్టి వచ్చినవాళ్ల జాబితా రానివాళ్ల జాబితాలాగే చిన్నగా ఉంది. అయినా ఊహ మీద దిద్దడం ఆమె పద్ధతి కాదు. ఆ నాలుగు రోజులూ సార్ బదులు హాజరు తీసిన సువర్ణకు ఫోన్ చేసింది.

“అవ్, వచ్చినోళ్లనే రాసిన. హాజరంటే వచ్చినోళ్లే గదా?”

ఆ నాలుగు తేదీల్లో మాత్రమే ‘ఏ’లను ‘పి’లు, ‘పి’లను ‘ఏ’లు చేసింది. తర్వాత ముప్ఫై మంది మొత్తాలూ మళ్లీ లెక్కించింది. చాలామందికి రోజులు తగ్గాయి కానీ ఎవరూ పద్దెనిమిది కిందికి పోలేదు. రూప్లికి ఇరవై ఒకటి.

“తప్పు నాదే చెల్లె,” అంది హెప్సిబా. అట్లా అనాల్సి వచ్చి సిగ్గేసింది, అన్నాక తేలికైంది.

రూప్లి ఆ మాట విన్నదో లేదో. ఇరవై ఒకటో తేదీ కింద ఇరవై తొమ్మిది ‘ఏ’ల మధ్య ఉన్న ఒకే ఒక్క ‘పి’ మీద వేలు పెట్టింది.

“ఇగో అక్కా, నేను ఈడున్న.”