అంకె రాయని చెక్కు

వేట నిషేధం ఇంకో రెండు వారాల్లో ముగుస్తుంది. పడవలు సముద్రంలోకి దిగేముందు తీరంలోని చింతపల్లి మత్స్యకారులందరికీ కొత్త వలలు కావాలి. అక్కడ వలల దుకాణం నడుపుతున్న నీలవేణి అందుకే ఆ ఉదయం విజయనగరం బస్సెక్కింది. పట్నంలో టోకు వలల వ్యాపారి జగన్నాధంతో ఆమెకిదే మొదటి పరిచయం.

ఆమె ఇచ్చిన కాగితాన్ని జగన్నాధం రెండుసార్లు చదివాడు. ముప్పై వేల వరకు అరువు, నెల రోజుల గడువు, ఇప్పటిదాకా తనకు సరుకిచ్చిన ముగ్గురి పేర్లు, ఫోను నంబర్లు.

"ముప్పై వేలేనా? కొత్తగా వచ్చినవాళ్లు లచ్చకి తక్కువ అడగరే."

"నా కొట్లో నెలకి తిరిగే వలలు అంతే బాబూ. సక్రమంగా కడితే తరవాత మీరే పెంచుతారు."

ఆయన కాగితం పక్కన పెట్టాడు. "మీ ఆయన్ని తీసుకురామ్మా. పూచీ సంతకం పెట్టిస్తాను. సంతకం చేసిన చెక్కొకటి ఇవ్వు, అంకె రాయకుండా."

"కొట్టు నాది. జీఎస్టీ నా పేరనే ఉన్నాది. ఆయన పడవ మీద పన్జేస్తాడు, ఆయన సంతకమేటికి?"

"ఇది ఇక్కడ పద్ధతమ్మా."

"ఆ పద్ధతికి నేను రాను. ప్రతి బిల్లుకీ ఆ బిల్లెంతో అంతే రాసి, గడువు తేదీ ఏసి సెక్కిస్తాను. అంకె రాయని సెక్కు మాత్రం నా సేతి మీంచి ఎల్లదు."

పక్క బల్ల దగ్గర లెక్కలు చూసే సుహాసిని తలెత్తింది. ఆ గదిలో ఆయనకలా ఎదురు చెప్పినవాళ్లను ఆమె చూడలేదు.

"అంత పట్టుదలైతే వేరే చోట చూసుకో," అన్నాడు జగన్నాధం.

"సూస్తాను. కానీ ముందు ఆ ముగ్గురికీ ఫోన్ సెయ్యండి. అడక్కుండా లేదనడం మీకూ మంచిది కాదు."

ఆయన విసుగ్గానే ఫోను తీశాడు. విశాఖలో తాళ్లమ్మే ధనరాజ్ నాలుగేళ్లుగా సరుకిస్తున్నానని, గడువు దాటలేదని చెప్పాడు. శ్రీకాకుళంలో వలలకు కట్టే సీసపు గుండ్లమ్మే లక్ష్మణమ్మ కూడా అదే మాట చెప్పింది. మూడో పేరు గంగరాజు. నీలవేణికి ఇన్నాళ్లూ వలలిచ్చిన మనిషి.

"ఆమా?" గంగరాజు గొంతు స్పీకర్లో గట్టిగా వినిపించింది. "మహా గయ్యాళి బాబూ. కిందటేడు పది కట్టల వలలు తిప్పి పంపీసింది. డబ్బులు ఆపీసింది."

జగన్నాధం కళ్లెత్తి ఆమెను చూశాడు. మళ్లీ ఫోను వైపు తిరిగాడు.

"మొత్తం ఆపిందా?"

గంగరాజు గొంతు తగ్గించాడు. "ఆ పది కట్టల డబ్బులే. మిగతావి తేదీకే కట్టింది."

"ఆ వలలకేమైంది?"

"మా గోడౌను కారింది. తడిసి మెత్తబడ్డాయి. ఆ మొత్తం బాకీలోంచి తీసీసి క్రెడిట్ నోటిచ్చీసినాను మరి. అయినా అంత రగడ సెయ్యాలా?"

జగన్నాధం ఫోను పెట్టేశాడు. "తిడతాడని తెలిసి ఈయన పేరెందుకు రాశావు?"

"నాతో ఎక్కువ యాపారం సేసిన మడిసి ఆయనే. ఆ పేరు దాస్తే మీరేటనుకుంటారు?"

"రేపు నాతోనూ ఇలాగే తగవు పడతావా?"

"సరుకు పాడైతే పడతాను. బాగుంటే ఎందుకు పడతాను?"

ఆయన పక్కన పెట్టిన కాగితాన్ని మళ్లీ ముందుకు లాక్కున్నాడు. నెల గడువు తను ఎవరికీ ఇవ్వనన్నాడు. మూడు వారాలంటే సరే, పూచీ అక్కర్లేదన్నాడు. వేట మొదలయ్యాక జాలర్ల దగ్గర డబ్బు ఎప్పుడొస్తుందో నీలవేణి మనసులో లెక్క వేసుకుంది. కష్టమే. అయినా ఒప్పుకుంది. అయితే తడిసినా చిరిగినా సరుకు వెనక్కి తీసుకుంటామన్న మాట ఒప్పందంలో ఉండాలంది.

"రాయాలా? నా మాట చాలదా?"

"నా మాట మీకు సాల్లేదు కదా బాబూ. ముగ్గురికి ఫోన్ సేసినారు."

సుహాసిని నవ్వు దాచుకోవడానికి తల వంచుకుంది. ఆయన వద్దనలేదు. ఆమె ఆ వాక్యం టైపు చేసింది. పూచీదారు అన్న చోట గీత కొట్టేసి జగన్నాధం, నీలవేణి సంతకం చేశారు. నీలవేణి మొదటి బిల్లు మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, తేదీ వేసి చెక్కు ఇచ్చింది.

తర్వాత ఆమె గోడౌనుకు వెళ్లి కట్టలు విప్పడం మొదలుపెట్టింది. ఒక్కొక్క వలనూ వెలుతురులో పట్టి, ముడులు లాగి చూస్తోంది. సరుకు తీసుకెళ్లడానికి వచ్చిన ఆటో డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. గుమ్మంలో నిలబడ్డ జగన్నాధం, "అన్నీ చూస్తావా?" అన్నాడు.

"అన్నీ," అంది నీలవేణి, తలెత్తకుండా.