గది అద్దె కోత

భర్త శ్రీరాములు చనిపోయిన నెల రోజులకు హైమవతికి ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. ఆస్పత్రి బిల్లు కట్టిన బావగారికి వివరం పంపాలని, ఇందిరాపురంలో పక్క ఫ్లాట్‌లో ఉండే స్నిగ్ధ చేత చదివించుకుంది.

స్నిగ్ధ ఫోన్‌లో తెలుగులో రాసుకుంటూ చెప్పింది. "బిల్లు మూడు లక్షల ఇరవై వేలు ఆంటీ. మంజూరైంది రెండు లక్షల పదహారు వేలు. గ్లవ్స్, మాస్కుల్లాంటివి పాలసీలో లేవని పధ్నాలుగు వేలు తీసేశారు. గది అద్దె రోజుకు ఐదు వేల పరిమితి, మీరు తీసుకున్నది ఎనిమిది వేలది. పది రోజులకు అద్దెలో ముప్పై వేలు కోశారు. గది ఖరీదైతే మిగతా ఖర్చులూ పెరుగుతాయట, అందుకని అదే నిష్పత్తిలో డాక్టర్ ఫీజుల్లో, ఆపరేషన్ ఖర్చులో ఇంకో అరవై వేలు."

హైమవతి ఉత్తరం చేతిలోకి తీసుకుంది.

"ఆ గది అడిగింది నేనే. వార్డులో అందరిముందూ మూలుగుతున్నానని ఆయన సిగ్గుపడుతుండేవారు."

స్నిగ్ధ పాలసీ కాగితాలు తిరగేసింది. పరిమితి అందులో ఉంది. అప్పీలు చేసినా లాభం ఉండేలా కనిపించలేదు.

"గది సంగతి వదిలేసి, మొత్తం మాత్రమే పంపనా?"

"వద్దమ్మా, వాళ్లు రాసిన కారణాలన్నీ రాయి. బావగారు అడిగితే నేను చెప్పుకుంటాను."

స్నిగ్ధ పంపింది. మెసేజ్ చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. సాయంత్రమైనా బావగారి నుంచి జవాబు రాలేదు.