బుధవారం పదకొండింటికి

జహీరాబాద్‌లోని మా కంపెనీలో రేపటి ఇంటర్వ్యూకి గది ఊడ్పించాలి. ప్రశ్నపత్రం జిరాక్స్ తీయాలి. గేటు దగ్గర వచ్చే అబ్బాయి పేరు ఇవ్వాలి. నలుగురికి చాయ్ చెప్పాలి.

నాలుగు పనులూ అయ్యాక, సాయంత్రం ఐదింటికి మేనేజర్ నర్సింగ్ సార్ పిలిచారు.

"మానసా, రేపు కస్టమర్ ఆడిట్ అంట, వాళ్ల మనుషులు తనిఖీకి వస్తరు. ఇప్పుడే మెయిల్ వచ్చింది. ఇంటర్వ్యూ ఆపు. తర్వాత చెప్తమని మెసేజ్ పెట్టు."

"తర్వాతంటే ఎప్పుడు సార్?"

"తర్వాతంటే తర్వాతే."

డిగ్రీ అయిన కొత్తలో నాకూ ఒక ఆఫీసు ఇదే మాట చెప్పింది. ఇప్పటికీ పిలవలేదు. అదే చెప్పాను. సార్ పెన్ను కింద పెట్టారు.

"సరే, ఆడిట్ సోమవారం దాకా ఉంటది. మంగళవారం రమ్మను. సారీ కూడా చెప్పు."

రావాల్సింది విరూపాక్ష, కోహీర్ అబ్బాయి. మెసేజ్ పెట్టాను, చూసినట్టు లేదు. ఫోన్ చేస్తే తండ్రి శరణప్ప ఎత్తారు. మా ఇళ్లల్లో అంతే, బయోడేటాలో నాన్న నంబరే రాస్తాం. నేనూ రాశాను.

"వాడు బీదర్‌ల షెడ్డుల పని చేస్తడమ్మా. ఫోన్ పగిలింది. పొద్దుగాల బస్సెక్కి సీదా మీ కాడికే వస్తడు."

వాయిదా సంగతి చెప్పాను.

"వేరేటోళ్లను పెట్టుకున్నరా? ఉన్నదున్నట్టు చెప్పు బిడ్డా."

"లేదు పెద్దయ్యా, ఒట్టు. తప్పు మాది. మంగళవారం రాగలడా?"

"మల్ల సెలవంటే సేటు పనిలకెల్లే తీసేస్తడు. బుధవారం షెడ్డు బందుంటది."

ఫోన్ పట్టుకునే సార్ దగ్గరికి పరిగెత్తాను. బుధవారం పదకొండింటికి సరే అన్నారు. పెద్దయ్యతో రెండుసార్లు చెప్పించుకున్నాను. కొడుక్కి ఎలా చెప్తారో మాత్రం ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి గేటు దగ్గర ఇద్దరున్నారు. ఇస్త్రీ చొక్కాలో కొడుకు, పక్కన తండ్రి.

"ఆరింటికెల్లి జహీరాబాద్ బస్టాండ్‌ల నిలబడి పట్టుకున్న. నేను చెప్తె నమ్ముతలేడు. నీకు ఫోన్‌ల ఏం సమజైతది బాపూ అంటడు. నువ్వే చెప్పమ్మా."

విరూపాక్ష తల వంచుకున్నాడు. "ఇంక పిలువరేమో అనుకున్న మేడం."

ఆడిట్ వాళ్లను కూర్చోబెట్టి నర్సింగ్ సారే బయటికొచ్చారు. "తప్పు మాదే తమ్మీ. నిన్న సాయంత్రం దాకా మాకూ తెల్వదు." తేదీ, టైము, తన సొంత నంబరు రాసి సంతకం పెట్టిన కాగితం చేతికిచ్చారు. నలుగురికని చెప్పిన చాయ్‌లో రెండు వాళ్లకే పోయించాను.

బుధవారం పదిన్నరకే విరూపాక్ష వచ్చాడు. కాగితం నాలుగు మడతలై జేబులో ఉంది. నలభై నిమిషాలు ఇంటర్వ్యూ జరిగింది. ఫలితం శుక్రవారం చెప్తామన్నాం. ఈసారి కూడా తేదీ చెప్పే పంపాం.

మీరెప్పుడైనా "తర్వాత చెప్తాం" అని రాయబోతే, పొద్దున ఆరు నుంచి వచ్చిన ప్రతి బీదర్ బస్సులోకీ తొంగిచూసిన శరణప్పను ఒక్కసారి గుర్తు చేసుకోండి.