మారని సైటోసిన్లు

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడల్లా మా పాత పాపాలన్నీ దానికి చూపించాలి. అది మా ల్యాబ్ నియమం. నలభై పాత శాంపిళ్ల ఫైళ్లు బయటికి తీసి, కొత్త ప్రోగ్రాములో మళ్లీ నడిపి, అప్పటి ఫలితమే ఇప్పుడూ వచ్చిందని సంతకం పెట్టాలి. పదహారేళ్ల ఉద్యోగంలో ఈ తంతు నాకిది నాలుగోసారి. మధ్యాహ్నం మూడయ్యేసరికి మెడ పట్టేసింది. కళ్లు మండుతున్నాయి. ముప్పై ఒకటో శాంపిల్ దగ్గర, తేడా ఉందని తెర మీద ఎర్ర గీత పడింది.

ముందు ప్రోగ్రామునే తిట్టుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, పొద్దుటి నుంచీ ప్రతి చిన్నదానికీ కూస్తూనే ఉంది. తర్వాత శాంపిల్ నంబరు చూశాను. పధ్నాలుగు నెలల కిందటిది. కుట్టుపని చేసుకునే ఒక నలభై నాలుగేళ్ల ఆవిడది. పెద్దపేగులో కణితి. పరీక్ష చేసినవారు అన్నచోట నా సంతకమే ఉంది.

ఆవిడ కణితిలో, డీఎన్‌ఏ తప్పుల్ని దిద్దే జన్యువు ఒకటి పనిచేయడం మానేసింది. దానికి రెండు కారణాలుండొచ్చు. ఒకటి, ఆ జన్యువు మొదట్లో మిథైల్ గుంపులనే చిన్న రసాయన ముక్కలు చేరి దాన్ని మూసేయడం. అది సాధారణంగా ఆ కణితితో పుట్టి ఆ కణితితోనే పోయే సంగతి, తోబుట్టువులకు భయం లేదు. మిథైల్ లేకపోతే మాత్రం పుట్టుకతోనే జన్యువు చెడి ఉండొచ్చు. అప్పుడు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, అందరూ పేగులు చూపించుకోవాలి.

ఇది తేల్చడానికి డీఎన్‌ఏని బైసల్ఫైట్‌తో కలిపి వేడిచేస్తాం. డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన సైటోసిన్, అంటే సి, మామూలుగా ఆ మందుకి లొంగిపోతుంది. సీక్వెన్స్ చదివేటప్పుడు సి ఉండాల్సిన చోట టి కనిపిస్తుంది. మిథైల్ ఉన్న సైటోసిన్ లొంగదు, సి గానే మిగులుతుంది. వినడానికి తేలికే. కాకపోతే మందు సరిగ్గా ఎక్కకపోయినా సి మిగులుతుంది. ఆ రెండు సి లకూ మొహంలో తేడా ఉండదు.

తేడా పట్టుకోవాలంటే పక్కింటివాళ్లను చూడాలి. ఇలాంటి కణజాలంలో మిథైల్ దాదాపు ఎప్పుడూ, తర్వాతి అక్షరం జి అయిన సి మీదే ఉంటుంది. మిగతా సి లన్నీ టి గా మారి తీరాలి. అవి కూడా మారలేదంటే మిథైల్ సంగతి దేవుడెరుగు, మన మందే పనిచేయలేదని అర్థం. మా పాత సాఫ్ట్‌వేర్ జి పక్కనున్న సి లనే, మారనివైతే నల్ల చుక్కలుగా, మారినవైతే తెల్ల చుక్కలుగా చూపించేది. మిగతావాటిని చూపించడం అనవసరం అనుకుంది. మేమూ అడగలేదు.

అసలు రీడ్లు తెరిచాను. ఒక్కో రీడ్ అంటే ఒక్కో డీఎన్‌ఏ ముక్క చదివిన వరస. నాలుగింట మూడొంతుల రీడ్లలో అన్నీ శుభ్రంగా టి లే. మిగిలిన వంతులో, మధ్యలో జానెడు మేర, పక్కన జి ఉన్నవీ లేనివీ అన్న తేడా లేకుండా వరసగా సి లు. మేం ఇరవై ఏడు శాతం మిథైల్ అని రాసింది ఈ రీడ్లను చూసే. వీటిని తీసేస్తే అందులో మిథైల్ అన్నదే లేదు. అంటే, తోబుట్టువులకు భయం లేదన్న మా రిపోర్టుకి ఆధారమే లేదు.

పధ్నాలుగు నెలల కిందట ఆ రిపోర్టు తీసుకోవడానికి ఆవిడ తమ్ముడొచ్చాడు. బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చినట్టున్నాడు, ఖాకీ చొక్కా చెమటకి తడిసి ఉంది. కవరు చేతికిచ్చాక కూడా అద్దం కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

"మేడమ్, ఇది మాక్కూడా వస్తుందా?" అని అడిగాడు.

అది నేను చెప్పకూడదు, డాక్టరు చెప్పాలి. కానీ వెనక ఇంకో పదిమంది ఉన్నారు, నాకు ఒంట్లో ఓపిక లేదు, కాగితం మీద మంచి మాటే ఉంది. "రాదులెండి. వెళ్లి హాయిగా పడుకోండి," అన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ప్రింటు తీసుకుని మా హెడ్డు గదిలోకి వెళ్లాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి చాలాసేపు చూశారు.

"మందు పనిచేసిందో లేదో చూసే కంట్రోల్ శాంపిల్ పాసైంది కదమ్మా?"

"అది సీసాలో వచ్చిన శుభ్రమైన డీఎన్‌ఏ సార్. అది మారక చస్తుందా! ఈవిడది, ఆపరేషన్‌లో కోసిన ముక్కని దాచిన మైనం దిమ్మలోంచి తీసింది. ప్రోటీను పూర్తిగా పోలేదు. అది పట్టుకున్నచోట డీఎన్‌ఏ రెండు పోగులూ విడివడలేదు, మందు లోపలికి పోలేదు."

"సాఫ్ట్‌వేర్ చూపించలేదు, నేను అడగలేదు, నువ్వు చూడలేదు. తిలా పాపం తలా పిడికెడు," అన్నారాయన నీరసంగా. "దిమ్మలో ముక్క మిగిలుంటే మళ్లీ చెయ్యి. తేలాక చెబుదాం."

"ఈలోగా ఆ రిపోర్టు నిజమనే కదా సార్ వాళ్లు నమ్ముతుంటారు?"

"పధ్నాలుగు నెలలు నమ్మారు. ఇంకో నాలుగు రోజులు. ఇవాళ తప్పని, నాలుగు రోజులకి ఒప్పేనని రెండుసార్లు మాట మారిస్తే మూడోసారి మనల్ని ఎవరు నమ్ముతారు?"

వాదించాల్సింది. ఓపిక లేక ఊరుకున్నాను. అందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

ఈసారి కణజాలాన్ని ఎంజైములో పూర్తిగా కరిగేదాకా ఉంచాను. డీఎన్‌ఏని రెండుసార్లు కడిగాను. బైసల్ఫైట్ కొత్త సీసా విప్పాను. నాలుగో రోజు రీడ్లు వచ్చాయి. జి పక్కన లేని సి లు నూటికి తొంభై తొమ్మిదికి పైగా మారాయి. జి పక్కనున్నవీ మారాయి. మిథైల్ ఒక్క శాతం కూడా లేదు.

హెడ్డు, ఆవిడకి ఆపరేషన్ చేసిన సర్జన్‌కి ఫోన్ చేశారు. సర్జన్ ఆవిడను పిలిపించి అంతా చెప్పాడు. ఆవిడ కోలుకుని మళ్లీ కుట్టుమిషను ముందు కూర్చుంటోందట. జన్యువు పుట్టుకతోనే చెడిందో లేదో తేల్చే రక్తపరీక్షకు వెంటనే ఒప్పుకుంది. ఒక్క మాట మాత్రం నాకు చేరవేయమందట: "మా తమ్ముడికి ఆ ల్యాబ్ మేడమే చెప్పాలి. నేను చెబితే వాడు వినడు."

మెట్ల కింద, పాత ఫ్రిజ్‌ల పక్కన నిలబడి ఫోన్ చేశాను. ఎక్కడో డిపోలో ఉన్నాడు, ఇంజన్ల మోత వినిపిస్తోంది. నేనెవరో చెప్పగానే గుర్తుపట్టాడు.

"చెప్పండి మేడమ్! అక్క బాగానే ఉంది."

"అక్క గురించి కాదండీ. ఆ రోజు మేమిచ్చిన రిపోర్టు తప్పు. నేను మీకు చెప్పిన మాటా తప్పే. మీరు పేగు పరీక్ష చేయించుకోవాలి. మీ తోబుట్టువులందరూ."

ఇంజన్ల మోత దూరమైంది. ఎక్కడికో పక్కకు నడిచినట్టున్నాడు, గొంతు దగ్గరైంది.

"రెండు నెలల నుంచి రక్తం పడుతోంది మేడమ్. రోజంతా సీట్లో కూర్చునే ఉద్యోగం కదా, మొలలనుకున్నా. చూపించుకోరా అని అక్క పోరుతూనే ఉంది. ల్యాబ్ మేడమే రాదంది, నీకెందుకే భయం అని నేనే దాని నోరు మూయించా."

నన్ను తిడతాడేమోనని చూశాను. తిట్టలేదు. రేపు పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నాను. గేటు దగ్గర నేనే ఉంటానని, డాక్టరు దగ్గరకి నేనే తీసుకెళ్తానని చెప్పాను. డ్యూటీ ఎవరికైనా అప్పజెప్పి వస్తానన్నాడు. ఇంకా ఫోన్ పెట్టేయలేదు.

"అయితే నాకూ వచ్చిందంటారా మేడమ్?"

"నాకు తెలీదండీ," అన్నాను. ఆ రోజు కిటికీ దగ్గర కూడా నాకు తెలీదు.