యాదలక్ష్మి పేరు మీది కూలి

కల్వకుర్తిల ఫంక్షన్ హాలు కట్టేటప్పుడు నేను ఆ సైటుకు వాచ్‌మెన్‌ను. సిమెంటు బస్తాలకు కావలి ఉండుడు నా పని. లేబరు అన్నం తినేటప్పుడు ముచ్చట్లు చెప్పుడు ఎవరూ అప్పజెప్పని పని, కానీ దానికే నాకు పేరు. మా ఊర్ల ఒకపారి వానకు గొర్లన్నీ ఈదుకుంట పోయి ఇండ్ల దూలాలెక్కి కూసున్నయని చెప్తే అందరు నవ్విండ్రు. యాదలక్ష్మి ఒక్కతే నవ్వకుండ, "దూలం మీద ఎన్ని పట్టినయి పెద్దయ్యా?" అని అడిగింది. ఆమె లెక్క అట్లుంటది.

గందుకే ఆమె పడ్డ సంగతి జర కొలిచే చెప్తున్న. పొద్దుగాల పదకొండు గంటలైతాంది. ఇసుక తట్ట నెత్తిన పెట్టుకొని మొదటి అంతస్తుకు చెక్కల మీదికెల్లి ఎక్కుతాంది. పై చెక్క కట్టు వదిలింది. తట్ట ఒకదిక్కు, ఆమె ఒకదిక్కు. కుడికాలు మడిమె కాడ ఎముక ఇరిగింది. కాంట్రాక్టరు మల్లికార్జున్ తన కారులనే పండవెట్టి మహబూబ్‌నగర్ దవాఖానకు తీస్కపోయిండు. సీట్లకు నెత్తురు, ఇసుక అంటినా ఒక్క మాట అనలే. ఆ సంగతి కూడ చెప్పాలె, ఎందుకంటే తర్వాత ఆయన మీద నేను నాలుగు మాటలు చెప్పవోతున్న.

మర్నాడు రేకుల రూముల ఉన్న ఆఫీసుల లెక్కలు చూసే స్వరూప కంప్యూటర్ ముందర కూసుంది; మల్లికార్జున్, యాదలక్ష్మి మొగడు లచ్చయ్య, నేను పక్కన నిలవడ్డం. లేబరుకు దెబ్బ తగిలితే పరిహారం కోసమని మల్లికార్జున్ బీమా కట్టిండు. ప్రమాదమైందని కంపెనీకి ఎంబడే తెలుపాలె, మిగిలిన కాయిదాలు తర్వాత ఇయ్యచ్చు. పాలసీ నంబరు, ఎప్పుడు, ఎక్కడ, ఎట్ల పడ్డది, ఏ దవాఖాన, అన్నీ టకటక కొట్టింది. దెబ్బ తగిలిన మనిషి పేరు, ఆమె కూలి ఎంత అన్న కాడ ఆగింది.

ఎందుకంటే మా దిక్కు మొగుడు పెండ్లాలను జోడీ కింద పనిల పెట్టుకుంటరు. హాజరు బుక్కుల 'లచ్చయ్య జోడీ' అని ఒక్క గీత. పైసలు శనివారం నాడు లచ్చయ్య చేతికి. యాదలక్ష్మి రెండేండ్ల సంది గోడలన్నిటికీ ఇటుక, ఇసుక అందిస్తాంది గానీ, హాజరుల ఆమె యాడ లేదు. పాలసీ తీసుకున్నప్పుడు కూడ జోడీకి ఒక్క మనిషినే లెక్కగట్టి పన్నెండు మందని రాసిండ్రు. ఆడోళ్లను కలుపుకుంటే ఇరవై మంది. ఇప్పుడు ఆమె పేరు పోతే కంపెనీ ఆ తేడా పట్టుకుంటది, ఇచ్చేదాంట్ల కోస్తది, కోసినంత మల్లికార్జునే భరించాలె.

లచ్చయ్య మంచోడే, కానీ తెలివి జర ఎక్కువ. "నా పేరే రాయుండ్రి సారూ. హాజరు నా పేరు మీదనే ఉంది గద. కంపెనీ మనిషొస్తే కాలుకు పట్టీ చుట్టుకొని కూసుంట," అన్నడు.

"చుట్టుకో రా," అన్న నేను. "దవాఖాన కాయిదంల యాదలక్ష్మి అని ఉంది. డాక్టరు అడిగితే మట్టెలు కూడ పెట్టుకొని పో."

స్వరూప అసుంటి కాయిదం తన చేతితోని పోదని నెమ్మదిగనే చెప్పింది. గప్పుడు మల్లికార్జున్ ఇంకో తొవ్వ తీసిండు. ఆమె మొగనికి అన్నం తెచ్చి, కింద పడ్డదని అనుకుందాం, బీమా ఊసే వద్దు, దవాఖాన ఖర్చు తనే పెట్టుకుంటడు, పైన పది వేలు ఇస్తడు. మాటల దయ ఉంది. కానీ ఆ మాట నిలిస్తే యాదలక్ష్మి ఆ సైటుల కూలిమనిషి కాదు. రేపు కాలు సరిగ రాకపోతే అడిగే హక్కే ఉండదు. స్వరూప ఆ సంగతి చెప్తే మల్లికార్జున్ కిటికీ దిక్కు చూసుకుంట, ఆమెనే అడుగుదాం పా అన్నడు. పడంగ చూసినోన్ని నేనని, లచ్చయ్యతో పాటు నన్ను కూడ కారెక్కించుకున్నడు.

దవాఖానల యాదలక్ష్మి కాలుకు కమ్మి వేసి, మెత్త మీద ఎత్తి పెట్టిండ్రు. మల్లికార్జున్ చెప్పవలసింది చెప్పిండు. ఆమె మొత్తం ఇన్నది. పక్కన లచ్చయ్య పది వేలు అన్నకాడ తల ఊపిండు. ఆమె అతని దిక్కు చూడలే.

"సారూ, అన్నం తెచ్చినప్పుడు నెత్తి మీద ఇసుక ఎందుకుంటది?" అన్నది. "ఇరిగింది నా కాలు. నా పేరు రాయుండ్రి."

పేరు సరే, కూలి ఎంతని రాయాలె, జోడీల ఇది నీది, ఇది అతనిది అని ఏనాడు ఇడదీయలేదు గద అన్నడు మల్లికార్జున్.

"ఇడదీసిండ్రు. ఈయన కురుమూర్తి జాతరకు పోయి వారం రోజులు అక్కడనే ఉండిపోయిండు. నేను ఒక్కదాన్నే పనికొచ్చిన. మీరు రోజుకు ఆరు వందల యాభై నా చేతుల పెట్టిండ్రు. ఒక్కదానికి ఇచ్చిన కూలి నా కూలి కాదా?"

మా సైటు పద్ధతే అది: జోడీల ఒకరు రాకుంటే, వచ్చిన మనిషికి ఒంటికూలి. ఇచ్చింది మల్లికార్జునే, రేటు పెట్టింది ఆయనే. గడ్డం గోక్కుంట నా దిక్కు తిరిగి, చెక్క కట్టు వదిలింది నిజమేనా అని అడిగిండు. నిజమే అన్న. గొర్ల ముచ్చట అసుంటిది కాదు గద అన్నడు. గొర్లది కూడ నిజమే అన్న. యాదలక్ష్మి గప్పుడు నవ్వింది, కాలు నొస్తున్నా.

అక్కడ్నించే స్వరూపకు ఫోన్ చేసిండు. "యాదలక్ష్మి అని రాయమ్మా. పని, హెల్పరు. కూలి, రోజుకు ఆరు వందల యాభై. నెలకు ఎన్ని రోజులొచ్చిందో జోడీ హాజరు చూసి లెక్కగట్టు. పాలసీల మందిని తక్కువ చూపిన సంగతి అడిగితే దాచకు. లేబర్ ఆఫీసుకు ఒక కాపీ పంపు."

నెలకు సుమారు ఇరవై రెండు దినాలు తేలింది. పద్నాలుగు వేల మూడు వందలు. మాపటికల్ల కాయిదం పోయింది.

వారం తిరగకముందే కంపెనీ తరఫున పరశురాం అని విచారణకొచ్చిండు. సన్నటి మనిషి, చెక్కల మీదికి రెండుసార్లు ఎక్కి దిగి చూసే రకం. నన్ను అడిగితే కొలిచే చెప్పిన, ఒక్క గొర్రెను కూడ తేలే. జోడీ హాజరు చూసి ఆయన నొసలు చిట్లించిండు. ఒంటికూలి ఇచ్చిన వారం కాయిదాలు స్వరూప ముందర పెట్టింది. ఆడోళ్లందరు ఒక్కొక్కరు వచ్చి, యాదలక్ష్మి తమతోనే తట్ట మోసిందని చెప్పిండ్రు. గంటసేపు రాసుకొని, ఆమె కూలిమనిషే, ఆ సంగతిల తగాద లేదు, మందిని తక్కువ చూపినందుకు మాత్రం కంపెనీ తన వంతు కోసుకుంటదని చెప్పిపోయిండు. కోత తన మీద పడ్తదని తెలిసి మల్లికార్జున్ మొఖం మాడింది, కానీ నోట మాట మారలే.

ఆమె పనికి రాలేనన్ని రోజులు పదిహేను రోజులకొకసారి నెల కూలిల నాలుగో వంతు. ముందు మల్లికార్జున్ ఇయ్యాలె, కంపెనీ తన వంతు ఆయనకు తర్వాత ఇస్తది. కాలు ఎంతవరకు అక్కరకొస్తదో డాక్టరు తేల్చినంక, లోటు మిగిలితే దానికి వేరే పరిహారం. అది ఇంకా తేలాలె. కానీ ఆమె చేతికర్రతోని ఆకిట్లకు నడుస్తాంది.

మొదటిసారి పైసలు యాదలక్ష్మి ఖాతాల పడ్డనాడు నేను వాళ్లింటికి పోయిన. లచ్చయ్య పొయ్యి కాడ పొగకు కండ్లు తుడుచుకుంట పప్పు కలుపుతాండు. ఉప్పు లేదు, కల్వకుర్తికి పోవాలె, బస్సు కిరాయికి పైసలియ్యి అని ఆమెను అడిగిండు. ఆమె ఇననట్టే ఊకున్నది. లచ్చయ్య గరిట పక్కన పెట్టి, దగ్గరికొచ్చి, ఇంకోపారి మెల్లగ అడిగిండు. గప్పుడు ఇచ్చింది.