లెక్కలో లేని నెలలు

పెళ్లప్పుడు నేను వదిలేసిన చదువు కోసం ఇప్పుడు మా చెల్లెలు ఉద్యోగం మానేస్తోంది. విన్నప్పటి నుంచీ నా కడుపు మండుతూనే ఉంది. ఆఫీసులో నేను పద్దులు చూస్తానని, లెక్క సరిచూడమంటూ కాగితం నా ముందు పెట్టింది. ఫీజు విడిగా తీసిపెట్టింది. అద్దె, తిండి, మందులు, బీమా కలిపి నెలకు ఇరవై ఐదు వేలు. పన్నెండు నెలలకు మూడు లక్షలు. దాచుకుందీ సరిగ్గా అంతే.

చదువయ్యాక ఉద్యోగం దొరికేదాకా పట్టే నాలుగైదు నెలలు అందులో లేవు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. చేతులు నలుపుకుంటూ తిరిగితే అప్పుడు తెలుస్తుంది మహారాణికి.

"సరిపోతుందే," అన్నాను.

"హమ్మయ్య. ఉద్యోగం వెతుక్కునే నెలలు వేయలేదని తిడతావనుకున్నా అక్కా," అంది కాగితం మడుస్తూ. "అన్నాళ్లూ మీ ఇంట్లోనే ఉంటా. బావని నిన్ననే అడిగేశా."