పాదం కింద గాలి

సాయంత్రం కోటేశ్వరరావు వచ్చేసరికి కూడా ముసలమ్మ గాలిలోనే నిలబడి ఉంటే, ఆమె కింది రాళ్లన్నీ పోతాయి. వాటి చోట చదునైన ఇసుక వస్తుంది.

చెన్నై టి. నగర్‌లో చీరల కొట్టు పైఅంతస్తులో కోటేశ్వరరావు నడుపుతున్న గేమ్ స్టూడియోలో ఈ సంగతి అందరికీ తెలుసు. నిద్ర పట్టనిది కార్తీకకే. ఆటలో ముసలమ్మ కాళ్లను కదిలించే కోడ్ ఆమెదే. రాళ్లు కూడా ఒకరకంగా ఆమెవే. తిరువొత్తియూరులో సముద్రం రోడ్డెక్కకుండా పోసిన బండల మీద ఆడుకుంటూ పెరిగింది. ఆ ఒడ్డును పట్టుబట్టి ఆటలో పెట్టించింది.

తెర మీద ఎప్పటికీ తెల్లవారని తెల్లవారుజాము. మంచు పొరల వెనక కెరటాలు నిద్రలో ఊపిరిలా లేచి పడుతున్నాయి. బండల మీద ముసలమ్మ, చంకలో బుట్ట. రెండు పాదాల కిందా బెత్తెడు ఖాళీ.

"మీ అవ్వ దేవత అయిపోయింది కార్తీ! దేవతలకే కదా కాళ్లు నేలకి ఆననిది," అన్నాడు నరేన్. బండలన్నీ తయారు చేసింది అతనే. "ఇసక ఏసేస్తా ఉండు. ఈడ పాదాలు ఎవురు చూస్తారు?"

"నోరు మూస్కో డా."

కోడ్ చేసే పని సూటిగానే ఉంటుంది. ఒక్కో పాదం పైనుంచి కంటికి కనబడని గీతను కిందికి దించుతుంది. గీత నేలను తాకిన చోటే పాదం ఆనాలి. పాదం చోటు తెలిశాక, మోకాలు ఎంత మడవాలో, తొడ ఎటు తిరగాలో అక్కడినుంచి వెనక్కి లెక్క కడుతుంది. ఇన్వర్స్ కైనమాటిక్స్ అంటే అదే. ఆ లెక్కలో తప్పు లేదు. పొద్దుటినుంచి చూస్తూనే ఉంది.

గీతలు కనబడేలా చేసింది. పచ్చటి దారాల్లా దిగి, బండకు పైన, గాలిలోనే ఆగిపోయాయి. నేల తగిలిందంటున్నాయి. ఏ నేల?

మరో మీట నొక్కింది. బండలన్నిటి మీదా నీలంగా, నునుపుగా, పడుకున్నవాళ్లకి కప్పిన దుప్పటిలా ఏదో తేలింది.

"ఇదేంది డా?"

"అదా? నడిచేటప్పుడు బొమ్మ ఎగిరెగిరి పడతా ఉండె. అందుకని పైన నునుపుగా ఒకటి కప్పేసినా. అందురూ చేసేదే గదా!"

"ఒంటికి సరే. పాదాలు గూడా దుప్పటి మీద్నే నడవాల్నా?"

నరేన్ నాలుక కరుచుకున్నాడు.

ఒంటికి ఆ దుప్పటిని అలాగే ఉంచి, పాదాల గీతలు మాత్రం దాన్ని దాటి అసలు రాతిని వెతుక్కునేలా మార్చింది. కుడి పాదం బండను తాకింది. ఎడమ కాలు కర్రలా బిగుసుకుని చాచుకుంది. అయినా కింది బండ అందలేదు. వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి.

కార్తీక చెప్పులు విడిచి, కుర్చీ పక్కన ఉన్న యూపీఎస్ పెట్టె మీద ఒక కాలు పెట్టింది. కళ్లు మూసుకుంది. ఏసీ చప్పుడు మెల్లగా సముద్రమైంది. కాలి కింద పెట్టె వెచ్చటి రాయి అయింది. రెండో పాదం కిందున్న పాచిరాయి కోసం వెతికింది. అది తగిలేలోగానే ఒళ్లు ఏం చేసిందో ఆమెకు తెలిసిపోయింది.

"నడుం!" అని అరిచింది.

"పట్టేసిందా? బామ్ తేనా?"

"దించాల డా! నడుం దించితేనే కింది కాలు అందేది!"

కింది పాదానికి ఎంత అందడం లేదో నడుం అంత దిగాలి. పై కాలి మోకాలు దానంతటదే వంగుతుంది. నడుం ఒక్కసారిగా కాక మెల్లగా దిగేలా రాసింది. అరికాళ్లను రాతి వాలుకు వాల్చింది. ఆఖరున, సన్నగీత బండల సందుల్లోకి దూరిపోకుండా, దాని బదులు పాదమంత వెడల్పు గోళాన్ని దించింది. దాన్ని పరీక్షించేలోపే తలుపు తెరుచుకుంది.

"ఏంటమ్మా, ఇసకేనా?" అంటూ కోటేశ్వరరావు కూర్చుని కంట్రోలర్ అందుకున్నాడు.

"చూడండి సార్."

ముసలమ్మ కదిలింది. ఒక బండ, ఇంకో బండ. అతను కావాలనే ఆమెను చీలిక మీదికి తోలాడు. నరేన్ కార్తీక మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. గోళం సందులో జారితే నడుం కూలిపోతుంది. జారలేదు. చీలిక రెండంచుల మీదా పాదం అడ్డంగా ఆనింది.

కోటేశ్వరరావు కంట్రోలర్ మీంచి బొటనవేలు ఎత్తేశాడు. ముసలమ్మ ఆగింది. కింది కాలు చాచి, పై మోకాలు కొంచెం మడిచి, ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉన్నట్టు నిలబడింది. మంచు ఆమె మోకాళ్ల చుట్టూ పాకింది.

"ఈవిడ బరువు నాకు తెలుస్తోందమ్మా," అన్నాడు. "ఇసక సంగతి మర్చిపోండి."

నరేన్ తర్వాతి సీనుకి వెళ్లబోతే కోటేశ్వరరావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగవయ్యా. కాసేపు నిలబడనియ్."